అడిగేకొద్దీ మౌనం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం భార్యాభర్తల తగాదాలు, వాటికి కౌన్సెలింగ్ ఎలా పనికొస్తుందన్నది. నేను చికిత్స చేసే నిపుణుణ్ణి కాను, బడిపంతులును. ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో మొదలైన మనస్తత్వశాస్త్రం చదువును వదలకుండా కొనసాగించాను కాబట్టి, అందులో తెలుసుకున్నది మీ ముందు పెడతాను. తగాదాలు రకరకాలు. అన్నింటినీ అరగంటలో ముట్టుకోలేం. ఒక్క రకాన్నే తీసుకుంటాను.

ఇద్దరిలో ఒకరు అడుగుతారు. జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతారు, నిలదీస్తారు, పాత సంగతులు తవ్వుతారు. రెండోవారు మాట మారుస్తారు, ఫోను చూస్తారు, మౌనంగా ఉండిపోతారు, చివరికి లేచి వెళ్ళిపోతారు. అడిగేవారి గొంతు పెరిగేకొద్దీ రెండోవారు ఇంకా లోపలికి ముడుచుకుంటారు. వాళ్ళు ముడుచుకునేకొద్దీ ఈ గొంతు ఇంకా పెరుగుతుంది. పరిశోధకులు దీన్ని డిమాండ్–విత్‌డ్రా అంటారు. మనం నిలదీత, తప్పుకోవడం అనుకుందాం.

ఈ తగాదాను దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఫలానా ఇంటి కథ కాదు, వివరించడానికి కల్పించుకున్నది. ఎవరూ ఎవరినీ వెతుక్కోవద్దు.

భర్తకు చెప్పుల దుకాణం ఉంది. భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి అతను తమ్ముడి అప్పులో కొంత తీరుస్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో పూర్తిగా చెప్పలేదు. రాత్రి పది గంటలకు దుకాణం కట్టేసి వస్తాడు. ఆమె అన్నం వడ్డిస్తూ, "ఏమండీ, ఈ నెల చీటీ వాయిదా కట్టారా?" అని అడుగుతుంది. అతను, "చూద్దాంలే" అంటాడు. "పోయిన నెలా చూద్దామనే అన్నారు. మీ తమ్ముడికైతే అడక్కముందే వెళ్తుంది" అంటుంది ఆమె. అతను ఫోను తీస్తాడు. "నేను గోడతో మాట్లాడుతున్నానా?" అంటుంది. అతను చెయ్యి కడుక్కుని మేడ మీదికి వెళ్ళిపోతాడు. రెండు రోజులు ఇద్దరి మధ్య మాటలుండవు. మూడో రోజు ఆమె మళ్ళీ అదే సంగతి ఎత్తుతుంది, ఈసారి పిల్లల ముందు. మరుసటి వారం అతను పది బదులు పదకొండుకు వస్తాడు. ఆమె మరో గంట ఎక్కువ ఎదురుచూసి ఉంటుంది కాబట్టి గుమ్మంలోనే అడుగుతుంది.

ఇప్పుడు ఇద్దరినీ విడివిడిగా అడిగి చూడండి. "ఆయన చెప్పరు, అందుకే నేను గొంతు పెంచాల్సి వస్తోంది" అంటుంది ఆమె. "ఆమె గొంతు పెంచుతుంది, అందుకే నేను లేచిపోతున్నాను" అంటాడు అతను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి లెక్కలో వారిది జవాబు, ఎదుటివారిదే మొదలు. మౌనానికి మందుగా ఆమె వాడే నిలదీత అతని మౌనాన్ని పెంచుతోంది. నిలదీతకు మందుగా అతను వాడే మౌనం ఆమె నిలదీతను పెంచుతోంది. మన ఇళ్ళలో పెద్దల పంచాయితీ కూర్చున్నప్పుడు మొదట అడిగేది తప్పెవరిది అని. ఈ రకం తగాదాలో ఆ ప్రశ్నకు అంతం దొరకదు. ఎందుకంటే అది గుండ్రంగా తిరుగుతోంది. ఎక్కడ కత్తిరించి చూస్తే అక్కడే మొదలైనట్టు కనిపిస్తుంది.

ఆడవాళ్ళు అడుగుతారు, మగవాళ్ళు తప్పుకుంటారు, అది వాళ్ళ స్వభావం అని చాలామంది అనుకుంటారు. దాన్ని పరీక్షించినవారు ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే ఆచార్యుడు, క్రిస్టఫర్ హీవీతో కలిసి 1990లో ఒక పరిశోధన ప్రచురించాడు. దంపతులను కూర్చోబెట్టి పిల్లల పెంపకం గురించి రెండు విషయాలు మాట్లాడించారు. ఒకటి భార్య మార్పు కోరే విషయం, ఇంకొకటి భర్త మార్పు కోరే విషయం. భార్య మార్పు కోరిన విషయంలో భార్య నిలదీయడం, భర్త తప్పుకోవడం స్పష్టంగా ఎక్కువ కనిపించింది. భర్త మార్పు కోరిన విషయంలో ఆ తేడా చెప్పుకోదగ్గంతగా లేదు. తరువాతి కొన్ని పరిశీలనల్లో పాత్రలు తారుమారైన సందర్భాలూ ఉన్నాయి.

దీనివల్ల తెలిసేదేమిటంటే, మార్పు కావలసినవారు అడుగుతారు, ఉన్నది ఉన్నట్టే ఉంటే చాలనుకునేవారు తప్పుకుంటారు. అడిగేవారికి ఎదుటివారి సహకారం లేనిదే పని జరగదు. తప్పుకునేవారికి ఆ అవసరం లేదు. మాట్లాడకుండా ఉంటే చాలు, ఉన్నదే కొనసాగుతుంది. ఇంటి బరువులో ఎక్కువ భాగం భార్య మీద ఉన్న చోట మార్పు కోరేది ఎక్కువగా ఆమే అవుతుంది. మన ఉదాహరణలో చీటీ డబ్బు ప్రశ్న ఆమెది. అదే భర్తకు, "మా అమ్మను మన దగ్గరికి తెచ్చుకుందాం" అన్న కోరిక ఉండి ఉంటే, అతను వెంటపడేవాడు, ఆమె వంటగదిలో పని కల్పించుకునేది.

ఒక్క దేశానికే పరిమితమైనది కూడా కాదిది. అమెరికాతో పాటు బ్రెజిల్, ఇటలీ, తైవాన్ దంపతుల్లోనూ ఇది కనిపించింది, ఎక్కువగా ఉన్న చోట దాంపత్యంలో అసంతృప్తీ ఎక్కువగా ఉంది. పాకిస్తాన్ దంపతుల మీద జరిగిన పరిశీలనలో ఇంకో సంగతి తెలిసింది. అక్కడి భార్యలు అడిగే తీరు అమెరికా భార్యలంత గట్టిగా లేదు, నేరుగా అనకుండా మెత్తగా అడుగుతారు. మనకిది తెలియనిది కాదు. కన్నీళ్ళు, నిట్టూర్పు, పిల్లవాడితో "మీ నాన్నకు మన సంగతులు ఎక్కడ పడతాయి" అనడం, ఇవన్నీ అడగడంలో రకాలే. గొంతు పెరగనంత మాత్రాన ఆ ఇంట్లో ఈ చక్రం లేదనుకోకూడదు.

మరి తప్పుకునే మనిషికి ఏమీ పట్టదా? పైకి అలాగే కనిపిస్తుంది. కానీ జాన్ గాట్‌మన్, తన సహచరుడు రాబర్ట్ లెవెన్‌సన్‌తో కలిసి, తగవులాడుకుంటున్న దంపతుల గుండె వేగాన్నీ చెమటనూ యంత్రాలతో కొలిచాడు. రాయిలా కూర్చున్న మనిషి లోపల గుండె దడదడలాడుతూ ఉండవచ్చని ఆ కొలతలు చూపాయి. నిమిషానికి 100 సార్లు దాటి గుండె కొట్టుకుంటున్నప్పుడు మనిషి ఎదుటివారి మాట సరిగ్గా వినలేడు, ఆలోచించి జవాబు చెప్పలేడు అని గాట్‌మన్ అంటాడు. ఒళ్ళు మళ్ళీ నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు కావాలి. అందుకే, "ఇప్పుడే చెప్పు, ఇక్కడే చెప్పు" అన్న పట్టుదల ఫలించదు. అటువైపు వినడానికి అప్పటికి మనిషి సిద్ధంగా లేడు.

ఇక చికిత్స దగ్గరికి వస్తాను. దంపతుల చికిత్సలో పద్ధతులు చాలా ఉన్నాయి. క్రిస్టెన్సెన్, నీల్ జాకబ్సన్ కలిసి రూపొందించిన పద్ధతి ఈ చక్రం మీదే ఎక్కువగా పని చేస్తుంది కాబట్టి దాన్నే తీసుకుంటాను. దాన్ని సమగ్ర ప్రవర్తనా దంపతీ చికిత్స అనవచ్చు.

మొదటి సమావేశానికి ఇద్దరూ కలిసి వస్తారు. తరువాత ఒక్కొక్కరితో విడిగా ఒక్కో సమావేశం. నాలుగోసారి మళ్ళీ ఇద్దరినీ కూర్చోబెట్టి చికిత్సకుడు తనకు అర్థమైంది చెబుతాడు. ఆ చెప్పడంలో నాలుగు సంగతులుంటాయి. ఇద్దరి మధ్య ఉన్న సహజమైన తేడా ఏమిటి, ఒక్కొక్కరిలో ముట్టుకుంటే నొప్పిపుట్టే చోటు ఏది, బయటి నుంచి పడుతున్న ఒత్తిడి ఏమిటి, ఈ మూడింటి వల్ల ఇద్దరూ చిక్కుకున్న చక్రం ఏది.

మన దంపతులకే వర్తింపజేసి చూద్దాం. ఆమె ఏ సంగతైనా అప్పటికప్పుడు మాట్లాడితేగానీ నెమ్మదించదు. అతనికి ముందు ఒంటరిగా ఆలోచించుకోవాలి. అది తేడా. ఆమె చిన్నప్పుడు తండ్రి అప్పుల సంగతి ఇంట్లో చెప్పలేదు. అప్పులవాళ్ళు గుమ్మంలోకి వచ్చిన రోజే తల్లికి తెలిసింది. అతను పెరిగిన ఇంట్లో గొంతు లేచిందంటే దెబ్బలు పడేవి, బయటికి వెళ్ళిపోవడమే అతను నేర్చుకున్న రక్షణ. ఇవి నొప్పి చోట్లు. దుకాణం అద్దె పెరిగింది, ఆన్‌లైన్ అమ్మకాలతో బేరాలు తగ్గాయి, పైగా తమ్ముడి అప్పు. ఇవి ఒత్తిడి. ఇప్పుడు అతను చెప్పకుండా లేచిపోతే ఆమెకు తన తండ్రి కనిపిస్తాడు. ఆమె గొంతు పెంచితే అతనికి చిన్నప్పటి ఇల్లు వినిపిస్తుంది. చీటీ వాయిదా ఇంత పెద్ద గొడవ ఎందుకవుతోందో ఇద్దరికీ అప్పుడు అర్థమవుతుంది.

అక్కడి నుంచి ప్రతి సమావేశంలోనూ ఆ వారం జరిగిన ఒక సంఘటనను తీసుకుని నెమ్మదిగా విప్పుతారు. ఇందులో మూడు పనులుంటాయి.

మొదటిది, చక్రాన్ని ఇద్దరూ ఒకే వైపు నిలబడి చూడటం. ఎవరు చెడ్డ అన్నది పక్కన పెట్టి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చింది, ఎక్కడ ఊపందుకుంది అని ఆటను చూసినట్టు చూస్తారు. దానికి ఒక పేరు పెట్టుకోమంటారు. మన దంపతులు "పది గంటల బండి" అని పెట్టుకున్నారనుకోండి. తరువాత ఒక రాత్రి ఆమె, "బండి వచ్చేలా ఉందండీ" అంటే అతను నవ్వవచ్చు. అంతవరకు ఆమెకు అతను, అతనికి ఆమె శత్రువు. ఇప్పుడు ఆ బండి ఇద్దరికీ ఎదురుగా ఉంది.

రెండోది, గట్టి మాట కింద ఉన్న మెత్తటి మాటను బయటికి తేవడం. "ఆయన మేడ మీదికి వెళ్ళినప్పుడు మీకేమనిపిస్తుంది?" అని చికిత్సకుడు అడుగుతాడు. "ఒళ్ళు మండుతుంది" అంటుంది ఆమె. "ఆ మంట కంటే ముందు?" అంటాడు. ఆమె కాసేపు ఆగి, "భయం. మా అమ్మకు తెలిసినట్టే నాకూ చివర్లో తెలుస్తుందేమోనని" అంటుంది. అప్పుడు చికిత్సకుడు భర్త వైపు తిరిగి, "ఆమె ఇప్పుడేమన్నారో మీ మాటల్లో చెప్పండి" అంటాడు. అతనినీ అలాగే అడుగుతాడు. "ఏం చెప్పినా చాలదు. ఇంటికి సరిపడా తేలేని చేతకానివాణ్ణని ఆమె ముందు ఒప్పుకోవాలి. అందుకే లేచిపోతాను" అంటాడు. అతని మౌనం లెక్కలేనితనమనే ఆమె అన్నేళ్ళూ అనుకుంది. అందులో సిగ్గు ఉందని అప్పుడు మొదటిసారి వింటుంది. ఈ మాటలు ఇంట్లో ఎందుకు రాలేదంటే, బండి కదిలాక మెత్తటి మాటకు చోటుండదు. అక్కడ మూడో మనిషి ఉండి వేగం తగ్గించడం వల్లే అవి వస్తాయి.

మూడోది, పూర్తిగా పోని అలవాటును భరించగలిగేలా చేయడం. ఇందులో ఒక విచిత్రమైన అభ్యాసం ఉంది. కోపం లేనప్పుడు ఒకసారి కావాలని, నటిస్తూ, ఆ పాత పని చేయమంటారు. ఆమె ఏ బాధా లేని ఒక సాయంత్రం కావాలని నిలదీయాలి. అది నటన అని ముందు చెప్పకూడదు, కాసేపటికి చెప్పేయాలి. తన మనసు నెమ్మదిగా ఉంది కాబట్టి, తన మాటకు అతని ముఖం ఎలా మారుతుందో ఆమె ఆ రోజు మొదటిసారి స్పష్టంగా చూడగలుగుతుంది. అతనూ ఇంకో రోజు అలాగే, మనసు మామూలుగా ఉన్నప్పుడు, లేచిపోయినట్టు నటించి చూస్తాడు.

ఇవి కుదురుకున్నాక ఒప్పందాలు నిలబడతాయి. తప్పుకునే మనిషికి ఆగే హక్కు ఇస్తారు, కానీ తిరిగి వచ్చే సమయం చెప్పాలన్న షరతు మీద. "నాకు ఇప్పుడు వినబడటం లేదు, అరగంటలో వస్తాను" అని చెప్పి వెళ్ళడం వేరు, చెప్పకుండా మేడ ఎక్కడం వేరు. అరగంటకు ఆమె పిలవకముందే అతను రావాలి. నాలుగుసార్లు అలా వస్తే ఐదోసారి ఆమెకు వెంటపడాల్సిన అవసరం తగ్గుతుంది. ఆమె వైపు నుంచి, ఒకసారి ఒక్క సంగతే, అన్నం ముందు కాకుండా, "మీరు ఎప్పుడూ" అన్న మాటతో కాకుండా, "వాయిదా తేదీ దగ్గర పడితే నాకు భయమేస్తోంది, లెక్క చూపించండి" అని మొదలుపెట్టడం. ఆదివారం మధ్యాహ్నం అరగంట లెక్కల కోసమే కూర్చోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చికిత్స అంటే ఆమెకు మెత్తగా అడగడం నేర్పడం అని కొందరు అనుకుంటారు. ఆమె మెత్తబడి, అతను లెక్క మాత్రం చూపించకపోతే, చక్రం ఆగలేదు, దాని చప్పుడు మాత్రమే ఆగింది. తమ్ముడికి నెలకు ఎంత వెళ్ళాలి, ఎన్నాళ్ళు, చీటీకి ముందు ఎంత తీయాలి అన్నవి కాగితం మీద తేలాలి. మార్పు అవసరంలేని మనిషికి మౌనం లాభసాటి అని ఇందాక చెప్పాను. ఆ లాభాన్ని వదులుకోమని అడగలేని చికిత్స సగం చికిత్సే.

గుణం కనిపిస్తోందని ఎలా తెలుస్తుంది? తగాదాలు పూర్తిగా ఆగవు. రెండు రోజుల మౌనం ఒక పూటకు తగ్గుతుంది. మొదట మాట కలపడం ఎప్పుడూ ఆమే చేసేది, ఇప్పుడు కొన్నిసార్లు అతను చేస్తాడు. అడిగితేగానీ తెలియని ఒక కష్టం అతనే వచ్చి చెబుతాడు. పండుగ ఖర్చులో, రంజాన్ నెల చివర్లో, బండి మళ్ళీ వస్తుంది. దాన్ని బట్టి అంతా పోయిందనుకోకూడదు. ఎంత త్వరగా దిగారో చూడాలి.

ఈ పద్ధతి ఎంతవరకు పని చేసింది? క్రిస్టెన్సెన్ బృందం 134 మంది దంపతులతో పరీక్షించింది. చాలాకాలంగా తీవ్రమైన కలతల్లో ఉన్నవారినే తీసుకున్నారు. సగం మందికి ఈ పద్ధతి, సగం మందికి అంతకు ముందున్న ప్రవర్తనా చికిత్స, అత్యధికంగా 26 సమావేశాలు. రెండేళ్ళ తరువాత ఈ పద్ధతిలో ప్రతి పది జంటల్లో సుమారు ఏడింటికి గుర్తించదగ్గ మెరుగు ఉంది. ఐదేళ్ళకు అది సుమారు సగానికి తగ్గింది, నాలుగింట ఒక జంట విడిపోయింది. పాత పద్ధతి ఫలితం కూడా ఐదేళ్ళకు దాదాపు అంతే. కాబట్టి ఇది తాయెత్తు కాదు. కానీ ఏళ్ళ తరబడి బిగుసుకున్న జంటల్లో సగం మంది ఐదేళ్ళ తరువాత కూడా మెరుగ్గా ఉండటం చిన్న సంగతి కాదు.

చివరగా, ఈ చికిత్స ఎక్కడ పనికిరాదో చెప్పి ముగిస్తాను. భార్య మౌనంగా ఉండేది దెబ్బలకు భయపడి అయితే, అది మనం చెప్పుకున్న తప్పుకోవడం కాదు, ప్రాణరక్షణ. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఆమెను భర్త పక్కన కూర్చోబెట్టి "మీ మనసులోది చెప్పండి" అంటే, అక్కడ చెప్పినదానికి ఆమె ఇంటికెళ్ళాక మూల్యం చెల్లించాలి. మొదట్లో ఒక్కొక్కరితో విడిగా సమావేశం పెట్టేది ఇందుకే కూడా. ఎవరూ పక్కన లేనప్పుడు, "మీకు ఆయనంటే భయమా? ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా?" అని చికిత్సకుడు అడిగి తీరాలి. భయం ఉందని తేలితే ముందు భద్రత చూడాలి. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారులు ఉన్నారు.

మన బంధువుల్లో ఎవరినైనా కౌన్సెలింగ్‌కు పంపేటప్పుడు రెండు సంగతులు కనుక్కోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉందా అని అడగండి. రెండు, మూడు సమావేశాలయ్యాక, "మీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడారా? తీర్పు ఏమైనా చెప్పారా?" అని అడగండి. విడిగా మాట్లాడకుండానే తీర్పు చెప్పారంటే అది మనం ఇంట్లో పెట్టుకోగలిగిన పంచాయితీయే. ఇద్దరితోనూ మాట్లాడి, ఇద్దరూ తమ తమ తగాదా ఎలా తిరుగుతోందో ఒకే రకంగా చెప్పగలుగుతున్నారంటే, సరైన చోటికే వెళ్ళారు. అక్కడ కొనసాగమనండి.